నలభై రెండో నంబరు షాపు

దక్షిణామూర్తి గారు ముప్పై నాలుగేళ్ళు సర్వేయరుగా పనిచేశారు. అమలాపురం, కొత్తపేట, ఆలమూరు, రామచంద్రపురం, ఎక్కడ వేస్తే అక్కడ పనిచేశారు. గట్టు దగ్గర అన్నదమ్ములు కొట్టుకున్నా, కాలవ పక్క పోరంబోకు ఎవరో కలిపేసుకున్నా, ఆయన కొలత గొలుసు పట్టుకుని దిగాల్సిందే. ఆయన కొలిచాక మళ్ళీ కొలిపించమని అడిగినవాడు నాకు తెలిసి లేడు. ఓడిపోయినవాడు కూడా గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు గాని, కొలత తప్పని అనేవాడు కాదు.

లంచం ముట్టేవారు కాదు. పొలం గట్టున కొబ్బరిబొండం ఇచ్చినా, రెండో పక్షం వాడు కూడా ఇస్తేనే తాగేవారు. ఇది చాదస్తమని నేను చాలాసార్లు మొహమ్మీదే అన్నాను. నా పేరు చంద్రరావు. రాజమండ్రి రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్క వరండాలో దస్తావేజులు రాసుకు బతికేవాణ్ణి. నాకు అంత చాదస్తం లేదు. ఉండి ఉంటే ఈ కథలో నేను కొంచెం మంచిగా కనిపించేవాణ్ణి.

మా ఇద్దరికీ స్నేహం కలిసింది సత్యకుమారి గారి మెస్సులో. ఆవిడ భర్త పోయాక దేవీచౌక్ దగ్గర ఒక పెంకుటింట్లో మెస్సు పెట్టి ఇరవై రెండేళ్ళు నడిపింది. క్యాంపుల మీద తిరిగే దక్షిణామూర్తి గారు రాజమండ్రిలో ఉన్న రోజు మధ్యాహ్నం భోజనం అక్కడే. రిటైరై దానవాయిపేటలో కాపురం పెట్టాక, భార్య బుల్లెమ్మ గారు ఇంట్లో వండి పెడుతున్నా, వారానికో రోజు సత్యకుమారి గారి పప్పుచారు కోసం వచ్చేవారు. బుల్లెమ్మ గారు దానికి కోపగించుకోలేదు. ఆ పప్పుచారు అలాంటిది.

2005 నాటికి సత్యకుమారి గారి మోకాళ్ళు పోయాయి. పొయ్యి దగ్గర నిలబడలేక మెస్సు మూసెయ్యక తప్పలేదు. పింఛను లేదు, పిల్లలు లేరు. ఆలమూరు దగ్గర పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరం ఉంది. దాన్ని సత్తియ్య అనే ఆయన కౌలుకి చేసేవాడు. రెండు పంటలకీ కలిపి ఇరవై బస్తాలు కొలిచేవాడు. అప్పటి ధరకి ఏడాదికి ఎనిమిది వేల ఐదు వందలు. ఏడాదికండీ, నెలకి కాదు.

ఆ రోజుల్లోనే నవపథ అనే కంపెనీ వాళ్ళు ఊళ్ళోకి దిగారు. హైవేకి వెళ్ళే రోడ్డులో మూడంతస్తుల కాంప్లెక్సు కడతామన్నారు. మేనేజింగ్ డైరెక్టరు శశిభూషణ్‌కి నలభై ఏళ్ళుంటాయి. మెత్తగా మాట్లాడేవాడు. మొదటి అంతస్తులో ఇరవై మూడో నంబరు నుంచి నలభై నాలుగు దాకా ఇరవై రెండు షాపులు, ఒక్కొక్కటి రెండు వందల అడుగులు, అడుగు మూడు వేలు. ఆరు లక్షలూ ముందే కట్టెయ్యాలి. సొమ్ము కట్టిన నెల నుంచే, కట్టడం పూర్తయ్యే దాకా, నూటికి పన్నెండు చొప్పున నెలకి ఆరు వేలు కంపెనీ ఇస్తుంది. కట్టడం పూర్తయ్యాక షాపు మన పేర రిజిస్టరవుతుంది. ఆ రోజే దాన్ని వాళ్ళే తొమ్మిదేళ్ళకి లీజుకి తీసుకుంటారు. అడుగుకి ముప్పై, అంటే మళ్ళీ అదే ఆరు వేలు. అద్దెదారు దొరికినా దొరకకపోయినా మనకి సంబంధం లేదు. మూడేళ్ళకోసారి పదిహేను శాతం పెంపు. రెండేళ్ళ చెక్కులు ముందే రాసి చేతిలో పెడతారు.

మా ప్రాంతం వాళ్ళకి ఇది వింతగా అనిపించలేదు. అదే మా కొంప ముంచింది. కౌలంటే మాకు తెలుసు కదా. పంట పోయినా ఒప్పుకున్న మక్తా ఇచ్చే రైతులున్నారు, చెరువు తవ్వుకుని రొయ్యలు చచ్చినా ఏడాది లీజు ముందే కట్టేవాళ్ళున్నారు. భూమి మనది, కష్టనష్టాలు కౌలుదారువి. నవపథ వాళ్ళు చెప్పింది కూడా అలాగే వినబడింది. కాకపోతే కౌలురైతు ఉన్న భూమిలోకి దిగుతాడు. ఇక్కడ ఇంకా పుట్టని భూమికి కౌలు ఇస్తానంటున్నాడు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

సత్యకుమారి గారు వాళ్ళ కరపత్రం ఒకటి తెచ్చి దక్షిణామూర్తి గారి ముందు పెట్టింది. ఎకరం అమ్మితే ఆరు లక్షల పైచిలుకు వస్తుంది, కొనమంటారా అని అడిగింది. ఆయన కంపెనీ ఆఫీసుకి వెళ్ళి అంతస్తు ప్లాను తెప్పించుకుని, మూడు రోజులు మెస్సు వెనక గదిలో స్కేలు పెట్టుకు కూర్చున్నారు. ఇరవై రెండు షాపుల హద్దులూ ఒకదానితో ఒకటి సరిచూశారు. నలభై ఒకటికి తూర్పు హద్దు నలభై రెండయితే, నలభై రెండుకి పడమర హద్దు నలభై ఒకటి ఉండాలి. ఉంది. కొలతలు కూడితే అంతస్తు మొత్తం తేలాలి. తేలింది. ఎక్కడా అంగుళం తేడా లేదు. ఆయన మొహం వెలిగిపోయింది. ప్రభుత్వంలో కూడా ఇంత శుభ్రమైన ప్లాను చూడలేదన్నారు.

నలభై ఒకటి ఆయన కొన్నారు, రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మంతా పెట్టి. పక్కనే ఉన్న నలభై రెండు సత్యకుమారి గారు కొంది. దక్షిణామూర్తి గారు హద్దులు చూశారన్న మాట ఊళ్ళో పాకింది. ఇంకో ఎనిమిది మంది ఆ మాట మీదే కొన్నారు. సత్తియ్య మాత్రం పొలం అమ్ముతున్నారని తెలిసి మెస్సు గుమ్మం దాకా వచ్చి, తను కౌలు ఎప్పుడైనా ఎగ్గొట్టానా అని ఒకే ఒక్క మాట అడిగి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

ఆ ప్లాను కాగితం మీద ఉంది. నేల మీద అప్పటికి నీళ్ళు నిలిచిన పునాది గోతులు, నాలుగు స్తంభాలు ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళలో పొలంలోకి దిగకుండా ఒక్క రిపోర్టు మీద సంతకం పెట్టని మనిషి, దిగడానికి నేలే లేని చోట కాగితాన్ని నమ్మారు. కాగితం అంత ముచ్చటగా ఉండటమే దానికి కారణం. దొంగ లెక్కలో తప్పులుంటాయని ఆయన అనుభవం. తప్పుల్లేని లెక్క దొంగది కావచ్చని ఆయనకి ఎవరూ నేర్పలేదు.

చెక్కులన్నీ తేదీ తప్పకుండా పాసయ్యాయి. 2007 ఆగస్టులో రిజిస్ట్రేషన్లు పెట్టారు. ఇరవై రెండు దస్తావేజులూ రాసే పని నాకే ఇచ్చారు. నా జన్మలో అంత ఫీజు ఒకేసారి చూడలేదు. అమ్మకం దస్తావేజు నేను రాశాను. లీజు కాగితం మాత్రం వాళ్ళే ప్రింటు చేసి తెచ్చారు, వంద రూపాయల స్టాంపు మీద. చదివాను. లీజుకి తీసుకునేది అమ్మిన కంపెనీ కాదు, నవపథ రిటైల్ సర్వీసెస్ అనే ఇంకో కంపెనీ. తొమ్మిదేళ్ళ దాకా ఓనరు ఖాళీ చేయించకూడదు, కంపెనీ మాత్రం మూడు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. మామూలుగా బజార్లో చిన్న కొట్టు అద్దెకి తీసుకునేవాడు కూడా ఆర్నెల్ల అడ్వాన్సు ఇస్తాడు. ఇందులో పైసా అడ్వాన్సు లేదు.

ఏడాది దాటిన లీజు రిజిస్టరు కాకపోతే కోర్టులో ఆ గడువుకి విలువుండదని నాకు తెలుసు. శశిభూషణ్‌ని అడిగాను. స్టాంపు ఖర్చు ఓనర్లకే మిగులుతుందని నవ్వుతూ చెప్పాడు. నేను ఊరుకున్నాను. ఫీజు జేబులో ఉన్నప్పుడు నోరు తెరవడం కష్టం. పైగా సాక్షి సంతకం కూడా చేశాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది, కాని చెప్పకపోతే మిగతాది చెప్పే అర్హత నాకు లేదు.

ఆ రోజు జరిగిన ఇంకో సంగతి. ప్రతి ఓనరూ షాపు స్వాధీనం చేసుకున్నానని ఒక కాగితం మీద, దాన్ని కంపెనీకి అప్పగించానని ఇంకో కాగితం మీద, ఒకే పెన్నుతో వరసగా సంతకాలు పెట్టారు. షాపు ఎవరూ చూడలేదు. సూపర్‌మార్కెట్ వాళ్ళు లోపల పని చేయిస్తున్నారు, దుమ్ము, దసరాకి ఓపెనింగన్నారు. దక్షిణామూర్తి గారు సగం దించిన షట్టరు కిందినుంచి వంగి చూసి, హాలు విశాలంగా ఉందని సంతోషించి వచ్చేశారు.

హాలు విశాలంగా ఉండటమేంటి? అందులో ఇరవై రెండు షాపులుండాలి కదా. ఆ ప్రశ్న నాకూ రాలేదు.

2008 నవంబరు చెక్కు తిరిగొచ్చింది. డిసెంబరుదీ అంతే. కాకినాడలో నవపథ వాళ్ళ రెండో కాంప్లెక్సులో బుకింగులు ఆగిపోయాయని అప్పుడు తెలిసింది. మేమందరం ఉమాశ్రీ అనే లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్న వయసు, మాటలో మొహమాటం లేదు. చెక్కులు తిరిగొచ్చిన ముప్పై రోజుల్లోగా నోటీసులివ్వాలని తొందరపెట్టి ఇప్పించింది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి లెక్క చెప్పింది. మీరు కొన్న ఏడాది ఆ రోడ్డులో షాపులు అడుగు పద్దెనిమిది వందలకే అమ్ముడయ్యాయి. మీరు మూడు వేలు పెట్టారు. ఎక్కువ కట్టిన రెండు లక్షల నలభై వేలనీ నెలకి ఆరు వేల చొప్పున పంచితే నలభై నెలలొస్తుంది. మీకు వచ్చింది ముప్పై ఎనిమిది నెలలు. అద్దె అనుకున్నది అద్దె కాదు. మీ సొమ్మే మీకు తిరిగొచ్చింది, అదీ రెండు నెలలు తక్కువగా. సూపర్‌మార్కెట్ వాళ్ళు కంపెనీకిచ్చేది అడుగుకి పదిహేను. మీకు ముప్పై ఇస్తానన్నాడు. మిగతాది కొత్తగా కొనేవాళ్ళ దగ్గర్నుంచి రావాలి. కొనేవాళ్ళు ఆగారు, అదీ ఆగింది.

మరి గ్యారంటీ ఉంది కదా అని ఎవరో అడిగారు. గ్యారంటీ ఇచ్చింది లక్ష రూపాయల మూలధనం ఉన్న కంపెనీ, దాని పేర కుర్చీ కూడా లేదు, గెలిచినా ఏం జప్తు చేస్తారని ఆవిడ తిరిగి అడిగింది. అందరి మధ్యా దక్షిణామూర్తి గారు తల దించుకుని కూర్చున్నారు. సత్యకుమారి గారు ఆయన వైపు చూడలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

జనవరిలో ఆ లీజు కంపెనీ మూడు నెలల నోటీసు పంపింది, మీ షాపులు మీరు తీసుకోండని. దాంతో ఓనర్లు రెండు జట్లయ్యారు. కొందరు గోడలు కట్టి ఎవరి షాపు వాళ్ళు తీసుకుందామన్నారు. ఉమాశ్రీ వద్దంది. మధ్యలో ఉన్న కంపెనీ తప్పుకుంటే, దాని కింద ఉన్న అద్దెదారు ఇక నేరుగా ఓనర్లకే అద్దె కట్టాలని, సూపర్‌మార్కెట్‌ని పోగొట్టుకోవద్దని చెప్పింది. సూపర్‌మార్కెట్ మేనేజరు కూడా సరేనన్నాడు. హాలు మొత్తం ఒకే లీజుగా ఇరవై ఇద్దరూ కలిసి ఇస్తే, నెలకి నలభై మూడు వేల ఐదు వందలు ఇస్తాం, గోడలు లేస్తే ఖాళీ చేసిపోతాం అన్నాడు. అయితే ఎవరి షాపు ఎక్కడుందో ముందు తేల్చమని జీవరాజు గారు పట్టుబట్టారు. ఆయనది భీమవరం వైపు, చెరువుల ఆసామి. గుమ్మం పక్కనున్న మొదటి షాపు ఆయనదే. కొలిచే పని ఎవరికి పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి, మార్కెట్ తెరవక ముందు, మేమిద్దరం వెళ్ళాం. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. సబ్బుల అరలు, బియ్యం బస్తాల మధ్యనుంచి ఆయన సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ వెళ్ళారు. మొదటి గంటలోనే ఒక సంగతి తేలింది. రెండు వందల అడుగులని అమ్మినదాంట్లో మెట్లు, వరండాలు, గోడల మందం కలిపేశారు, కాలు పెట్టే చోటు నూట ముప్పైకి మించదు. అది అందరికీ సమానమైన దెబ్బ, ఆయన తట్టుకున్నారు. నలభై ఒకటి గీశారు. తన షాపు. తర్వాత నాలుగడుగులు వేసి ఆగిపోయారు.

నలభై రెండు ఉండాల్సిన చోట సరుకుల లిఫ్టు ఉంది. ప్లానులో అది వెనక వైపు. సూపర్‌మార్కెట్ వాళ్ళు ముందుకి కావాలంటే కంపెనీ ఇక్కడికి జరిపేసింది. ఆయన మూడు వైపులనుంచి మళ్ళీ కొలిచారు. ప్రతిసారీ గీత వెళ్ళి లిఫ్టు తలుపుకే తగిలింది. జాలీ తలుపులోంచి కిందికి చూస్తే చీకటి, ఇనుప తాళ్ళు.

ఆయన అక్కడే ఒక నూనె డబ్బాల పెట్టె మీద కూర్చుండిపోయారు. చేతిలో టేపు వదల్లేదు. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించి, నాకు చేతనైనదే చెప్పాను. ఆ గీతలు చూసేవాడెవడూ లేడు, ప్రతి షాపునీ ఏడెనిమిది అంగుళాలు తగ్గించి గీస్తే లిఫ్టు ఇవతల ఆవిడకి ఒక షాపు తేలుతుంది, ఎవరికీ తెలియదు అన్నాను.

ఆయన కోప్పడలేదు.

“సర్వీసులో నన్ను హద్దు జరపమని చాలామంది అడిగేరు చంద్రరావు గారూ. ఒక్కడూ చెడ్డ కారణం చెప్పలేదండి. ప్రతివాడి దగ్గరా మంచి కారణమే ఉంది” అన్నారు.

లేచి, లిఫ్టు తలుపు మీద సుద్దతో నలభై రెండు అని అంకె వేశారు.

పది గంటలకి ఓనర్లందరూ వచ్చారు. ఆయన ఒక్కొక్క షాపూ చూపించుకుంటూ వచ్చి, లిఫ్టు దగ్గర ఆగి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. భూమిలో అవిభక్త వాటా సత్యకుమారి గారికి ఉంది, కాని అంతస్తు మీద షాపు లేదు. అందుకని షాపు ఎక్కడుందనే మాట వదిలేసి, అందరూ ఒకే సొమ్ము కట్టారు కనక, వచ్చే అద్దె ఇరవై రెండు సమాన వాటాలు వేసుకుందామని అడిగారు. జీవితమంతా హద్దులు చూపించి బతికిన మనిషి, హద్దులు మర్చిపొమ్మని అందర్నీ బతిమాలుతున్నారు.

జీవరాజు గారు దుర్మార్గుడు కాదు. మర్యాదగానే మాట్లాడారు. గుమ్మం దగ్గరున్న తన షాపుకీ మూలనున్న షాపుకీ సమానమంటే సరే, ఒప్పుకుంటానన్నారు. కాని చోటే లేనివాళ్ళు లీజులో ఏం పెడుతున్నారండీ, లేని చెరువుకి లీజు ఎవరైనా ఇస్తారా అని అడిగారు. ఆవిడ కంపెనీ మీద కేసు వేసుకోవాలి గాని మా వాటాలోంచి ఎలా తీసుకుంటుందన్నారు. చాలామంది తలలు ఊపారు. దక్షిణామూర్తి గారి మాట మీద కొన్న ఎనిమిది మందిలో ఐదుగురు కూడా ఊపారు.

నేను అక్కడికక్కడే మనసులో లెక్క కట్టాను. నలభై మూడు వేల ఐదు వందల్ని ఇరవై రెండుతో భాగిస్తే మనిషికి పంతొమ్మిది వందల డెబ్బై ఏడు. ఇరవై ఒకటితో భాగిస్తే రెండు వేల డెబ్బై ఒకటి. తేడా తొంభై నాలుగు రూపాయలు. నెలకి తొంభై నాలుగు రూపాయల కోసం ఇరవై రెండేళ్ళు ఊరికి అన్నం పెట్టిన మనిషిని బయటికి నెడుతున్నారు. ఆ మాట పైకే అన్నాను. జీవరాజు గారు డబ్బు సంగతి కాదండీ, పద్ధతి సంగతి అన్నారు. పద్ధతి అనే మాట వినబడగానే నాకు ఒళ్ళు మండుతుంది. మా ప్రాంతంలో దయ లేని పనులన్నీ పద్ధతి పేరుతోనే జరుగుతాయి.

సత్యకుమారి గారు అప్పటిదాకా కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, లిఫ్టు దాకా నడిచి, తలుపు మీది అంకె చూసింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి దక్షిణామూర్తి గారితో మాట్లాడింది.

“నేను ఆ ప్లాను చూళ్ళేదండి. నాకు అర్థం కూడా కాదు. మీ మొహం చూసి కొన్నాను.”

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. ఆయన ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, అందరి వైపూ తిరిగారు.

“నలభై రెండు నాదండి. నలభై ఒకటి ఈవిడది. ఇప్పుడు ఈవిడకి చోటుంది కదా. వాటా వెయ్యండి.”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక జీవరాజు గారు కూడా తల దించుకున్నారు. అయినా, అయితే ఇరవై రెండు వాటాలే వేద్దాంలెండి అని ఆ పూట ఎవరూ అనలేదు. ఒక్కరన్నా చాలేది. నోటిదాకా వచ్చినవాళ్ళు ఉండే ఉంటారు, పక్కవాడు అంటాడేమోనని చూశారు. నాకు ఆ నిశ్శబ్దం మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు.

సత్యకుమారి గారు ఒప్పుకోలేదు. ఒకరి సొమ్ము తినే గతి తనకి పట్టలేదని, కావాలంటే మళ్ళీ పొయ్యి వెలిగించుకుంటానని వెళ్ళిపోయింది. మర్నాడు బుల్లెమ్మ గారు ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఇద్దరాడవాళ్ళూ ఏం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. మా ఆయనకి పింఛనొస్తుంది, ఇద్దరం తింటాం, కాని మీరు ఈ షాపు తీసుకోకపోతే ఆయనకి మాత్రం అన్నం సయించదు, ఆ బాధ నేను పడలేను అని బుల్లెమ్మ గారు అన్నారట. ఇంటావిడ కదా, ఆవిడకి తెలుసు.

ఉమాశ్రీ మాత్రం గట్టిగా అడ్డుపడింది. షాపు లేకుండా అమ్మినందుకు వినియోగదారుల ఫోరంలో కేసు వేసే హక్కు సత్యకుమారి గారిది. మీరు కొలిచి, లేదని తెలిసి, దాన్ని పుచ్చుకుంటే రేపు మీ కేసు నిలబడదు, వచ్చేదేదన్నా ఉంటే అదీ పోతుందని ఆయనకి విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, థాంక్సమ్మా అని, నన్ను దస్తావేజు రాయమన్నారు.

మార్పిడి దస్తావేజు నేనే రాశాను, ఫీజు తీసుకోలేదు. నలభై ఒకటికి హద్దులు రాయడం తేలికే. నలభై రెండు దగ్గర కలం ఆగింది. పాత దస్తావేజులో ఉన్న హద్దులే ఎత్తి రాసేస్తానన్నాను. వద్దన్నారు. అప్పుడు కాగితం చూసి రాశాం, ఇప్పుడు నేల చూసి రాద్దాం అన్నారు. అందుకని, సదరు స్థలంలో ప్రస్తుతం లిఫ్టు గొయ్యి ఉన్నదని, అంతస్తుపై వాడుకకు వీలైన చోటు లేదని, ఈ సంగతి పూర్తిగా తెలిసియే పుచ్చుకుంటున్నానని రాశాను. ముప్పై ఏళ్ళ వృత్తిలో అంత నిజమైన హద్దుల షెడ్యూలు నేను రాయలేదు.

సూపర్‌మార్కెట్ లీజు కూడా ఆ వారమే రాశాను. మూడేళ్ళకి, ఆరు నెలల అడ్వాన్సుతో. ఈసారి రిజిస్టరు చేయిస్తామంటేనే కలం ముడతానని చెప్పాను. సుద్దగీతలు అప్పటికే మార్కెట్ పనివాళ్ళు తడిగుడ్డతో తుడిచేశారు. శశిభూషణ్ మీద చెక్కుల కేసు వాయిదాలు తిరుగుతూనే ఉంది. ఆయన హైదరాబాదులో ఉంటున్నాడని, వాయిదాకి వాళ్ళ ప్లీడరు వస్తాడని విన్నాను.

మార్పిడి రిజిస్ట్రేషను రోజు మేం నలుగురం వెళ్ళాం. సత్యకుమారి గారు బెంచీ మీద ఆ చివర కూర్చుంది, దక్షిణామూర్తి గారు ఈ చివర. మధ్యలో బుల్లెమ్మ గారు. కంప్యూటరు దగ్గర ఇద్దరికీ ఫోటోలు తీశారు. సత్యకుమారి గారు సంతకం పెట్టింది. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన తట్టుకోలేకపోయేవారని నా నమ్మకం. నేను సాక్షి సంతకం చేశాను. ఈసారి నాకు తెలిసిందంతా ఆ కాగితంలో ఉంది.

సబ్‌రిజిస్ట్రారు కొత్తగా వచ్చినాయన. షెడ్యూలు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి, ఎదురుగా నిలబడ్డ దక్షిణామూర్తి గారిని ఎగాదిగా చూశారు.

“ఏంటండీ ఇది? మంచి షాపిచ్చి లిఫ్టు గొయ్యి పుచ్చుకుంటున్నారు. ఎవరన్నా ఒత్తిడి చేశారా? మీకు తెలిసే సంతకం పెడుతున్నారా?”

దక్షిణామూర్తి గారు బొటనవేలు సిరాలో అద్దుకుంటూ, మామూలు గొంతుతోనే చెప్పారు.

“తెలిసేనండి. నేనే కొలిచాను.”